హార్మోనియం మెట్టుకూ మెట్టుకూ మధ్య 1.0595: లెక్క కట్టడం, పెట్టె మీద సరిచూసుకోవడం

పాలకొల్లు, అమలాపురం వైపు పద్యనాటకాలకూ భజనలకూ హార్మోనియం వాయించే కుర్రవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఫోనులో శ్రుతి చూపే యాప్ తెరిచి ఒక్కో మెట్టు నొక్కితే ఏవో అంకెలు వస్తాయి. 261 తరువాత 277, ఆ తరువాత 293, ఆపై 311. మొదట తేడా 16 దాకా ఉంది, పైకి వెళ్లేకొద్దీ అది పెరుగుతోంది. చెవికి మాత్రం మెట్లన్నీ ఒకే దూరంలో ఉన్నట్టు వినిపిస్తాయి. పెట్టె తప్పా, ఫోను తప్పా?

రెండూ ఒప్పే. ఎందుకో ఈ వ్యాసంలో లెక్క కట్టి చూద్దాం. చివరికి మీ పెట్టెలో ఏ రీడు ఎంత తప్పిందో మీరే తేల్చుకోగలగాలి. పదో తరగతి గణితం చాలు. గుణశ్రేఢి గుర్తుంటే సగం పని అయిపోయినట్టే.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- హార్మోనియం. కీబోర్డు ఉన్నా సరే, కానీ రీడు తప్పడం లాంటివి అందులో కనిపించవు.
- పౌనఃపున్యాన్ని హెర్ట్జ్‌లలో, కనీసం ఒక దశాంశ స్థానం దాకా చూపే యాప్. స్వరం పేరు మాత్రమే చూపేది పనికిరాదు.
- ఘాతం వేయగల కాలిక్యులేటర్. ఫోనులోని కాలిక్యులేటర్‌ను అడ్డంగా తిప్పితే చాలావాటిలో xʸ, log మీటలు వస్తాయి.
- తెల్ల కాగితం, పెన్సిలు.
- ఫ్యాను ఆపిన గది. ఫ్యాను మోత మైకును తికమక పెడుతుంది.

పెట్టెను కూడా కొలతకు సిద్ధం చేయాలి. రెండు వరుసల రీడ్లున్న పెట్టె అయితే ఒక వరుస మాత్రమే పలికేలా మిగిలిన స్టాపర్లు మూసేయండి. కప్లర్ ఉంటే తీసేయండి. రెండు రీడ్లు ఒకేసారి పలికితే యాప్ ఒకసారి ఒకదాన్ని, మరోసారి రెండోదాన్ని చూపుతుంది. నిలకడగా పలికే శ్రుతి స్వరాల స్టాపర్లు కూడా మూసే ఉండాలి.

తిత్తిని ఒకే ఒత్తిడితో, నెమ్మదిగా ఆడించండి. గట్టిగా ఊదితే రీడు శ్రుతి కాస్త దిగుతుంది. నాటకంలో రాగం తీసేటప్పుడు ఊదినట్టు ఊది కొలిస్తే ప్రతి మెట్టుకూ వేరే తప్పు వచ్చి కూర్చుంటుంది.

## 2. రెండు చివర్లు కొలవండి

మధ్య భాగంలోని ఒకటో తెల్ల మెట్టు, అంటే మనం ఒకటి శ్రుతి అనేది, నొక్కి అంకె రాసుకోండి. సరైన పెట్టెలో 261.6 దగ్గర వస్తుంది. దానికి పై స్థాయిలో అదే మెట్టు నొక్కండి. 523.3 దగ్గర వస్తుంది. కింది స్థాయిలో నొక్కితే 130.8.

ఇక్కడ కాసేపు ఆగండి. కింది స నుంచి మధ్య స కు తేడా 130.8. మధ్య స నుంచి పై స కు తేడా 261.6. తేడా రెండింతలైంది. అయినా ఏ చెవినడిగినా రెండూ ఒకే దూరమే అంటుంది, స నుంచి స కు. ఈ రెండు దూరాల్లోనూ మారనిది ఒక్కటే: పై స్వరం కింది స్వరానికి సరిగ్గా రెట్టింపు.

రెట్టింపే ఎందుకు? ఏ రీడూ ఒక్క పౌనఃపున్యాన్ని మాత్రమే పలకదు. 240 పలికే రీడు దానితో పాటు 480, 720, 960, 1200 అంటూ అనుస్వరాలను కూడా పలుకుతుంది. లెక్కలో 240 మొదటి అనుస్వరం, 480 రెండోది, 720 మూడోది. 480 పలికే రీడు 480, 960, 1440 పలుకుతుంది. రెండోదానిలో ఉన్నవన్నీ మొదటిదానిలో ముందే ఉన్నాయి. కొత్తగా వచ్చి చేరిందేమీ లేదు. అందుకే మగవాళ్లూ పిల్లలూ కలిసి భజన చేసేటప్పుడు ఒక స్థాయి తేడాతో పాడుతున్నా ఒకే పాట పాడుతున్నట్టు ఉంటుంది.

చెవి తేడాను కొలవడం లేదు, నిష్పత్తిని కొలుస్తోంది. తరువాతి లెక్కంతా ఈ ఒక్క సంగతి మీదే నిలబడుతుంది.

## 3. కూడికతో ప్రయత్నించి చూడండి

ఇక నుంచి స = 240 అనుకుందాం. సంగీతశాస్త్ర పుస్తకాలు చాలావాటిలో లెక్క సులువుగా ఉంటుందని ఈ అంకెనే వాడతారు. పై స 480. మధ్యలో పన్నెండు అడుగులు వేయాలి.

ఎవరికైనా ముందుగా తట్టేది భాగహారం. 240ని పన్నెండుతో భాగిస్తే 20. కాబట్టి 240, 260, 280, 300 అంటూ 480 దాకా వెళదాం. ఇది అంకశ్రేఢి. కాగితం మీద చూడడానికి బాగానే ఉంటుంది.

ఇప్పుడు పంచమం చూడండి. స నుంచి ఏడో మెట్టు ప. కూడిక లెక్కలో అది 240 + 140 = 380. కానీ తంబూరాకు కలిసే పంచమం స కు ఒకటిన్నర రెట్లు, అంటే 360. మనకు వచ్చిన 380 పంచమం కాదు, ఇంచుమించు శుద్ధ ధైవతం. ఇలా శ్రుతి చేసిన పెట్టె మీద ప మెట్టు నొక్కితే ధ పలుకుతుందన్నమాట.

అడుగులు కూడా సమంగా లేవు. మొదటి అడుగు 240 నుంచి 260కి, అంటే 1.083 రెట్లు. చివరి అడుగు 460 నుంచి 480కి, అంటే 1.043 రెట్లు. చెవికి మొదటి అడుగు చివరి అడుగు కంటే దాదాపు రెండింతలు పెద్దది. పైగా పై స్థాయిలోకి వెళితే 480 నుంచి 960 దాకా అడుగు 20 నుంచి ఒక్కసారిగా 40కి దూకాలి. ఒకే పెట్టెలో స్థాయికో కొలత ఉండాల్సి వస్తుంది.

## 4. 1.059463 ఎక్కడి నుంచి వచ్చింది

చెవి నిష్పత్తినే లెక్కపెడుతుంది కాబట్టి ప్రతి అడుగుకూ ఒకే సంఖ్యతో గుణించాలి. ఆ సంఖ్య మనకింకా తెలియదు, r అనుకుందాం.

మొదటి మెట్టు 240 × r. రెండోది 240 × r × r. అలా పన్నెండో మెట్టు 240 × r¹². అది 480 కావాలి. రెండు వైపులా 240తో భాగిస్తే:

```
r^12 = 2
r = 2^(1/12) = 1.059463...
```

పన్నెండు సార్లు తనతో తాను గుణించుకుంటే రెండయ్యే సంఖ్య అది, రెండుకు పన్నెండవ మూలం. గమనించారా, 240 రద్దయిపోయింది. స ఏదైనా r మారదు. 261.63 పెట్టినా, తక్కువ శ్రుతి పాటగాడి 138.59 పెట్టినా ఇదే సంఖ్య వస్తుంది.

ఇది కరణీయ సంఖ్య. ఏ భిన్నంగానూ కచ్చితంగా రాయలేం, దశాంశాలు ఆగకుండా సాగుతూనే ఉంటాయి. పనికి 1.0595 చాలు. పన్నెండు సార్లు గుణిస్తే 480 బదులు 480.2 వస్తుంది, చెవి పట్టుకోలేని తేడా. కానీ 1.06 అని కుదించకండి. చివరికి 482.9 దగ్గర తేలుతుంది, స తో కలిపి వాయిస్తే ఆ తేడా స్పష్టంగా వినబడుతుంది.

ఇక పన్నెండే ఎందుకు, పది ఎందుకు కాదు అని అడిగేవారికి జవాబు పంచమంలో ఉంది. స్థాయిని సమ నిష్పత్తులుగా కోసినప్పుడు ఏదో ఒక మెట్టు 1.5కి దగ్గరగా రావాలి. పది ముక్కలు చేస్తే దగ్గరికొచ్చే మెట్టు 1.516, వినలేం. పన్నెండు చేస్తే ఏడో మెట్టు 1.4983. అసలు పంచమానికి వెంట్రుకవాసి తక్కువ. పన్నెండు స్వరస్థానాలకు ఈ ఏర్పాటు చక్కగా అమరడానికి ముఖ్య కారణం ఇదే.

## 5. పట్టిక తయారు చేయండి

కాలిక్యులేటర్‌లో 240 కొట్టి, 1.059463తో గుణిస్తూ పోండి. కంప్యూటర్‌లో లెక్కల షీటు వాడేవారు A2 గడి నుంచి కిందికి 0 నుంచి 12 దాకా అంకెలు వేసి, B2 గడిలో ఈ సూత్రం పెట్టి కిందికి లాగితే చాలు:

```
=240*2^(A2/12)
```

ఇలా రావాలి:

- 0, షడ్జమం: 240.00
- 1, శుద్ధ రిషభం: 254.27
- 2, చతుశ్శ్రుతి రిషభం: 269.39
- 3, సాధారణ గాంధారం: 285.41
- 4, అంతర గాంధారం: 302.38
- 5, శుద్ధ మధ్యమం: 320.36
- 6, ప్రతి మధ్యమం: 339.41
- 7, పంచమం: 359.59
- 8, శుద్ధ ధైవతం: 380.98
- 9, చతుశ్శ్రుతి ధైవతం: 403.63
- 10, కైశికి నిషాదం: 427.63
- 11, కాకలి నిషాదం: 453.06
- 12, పై షడ్జమం: 480.00

పట్టిక సరిగా వచ్చిందో లేదో రెండు చూపుల్లో తెలుస్తుంది. పన్నెండో అంకె సరిగ్గా రెట్టింపు ఉండాలి. ఆరో అంకెను అదే అంకెతో గుణించి 240తో భాగిస్తే 480 రావాలి, ఎందుకంటే ఆరో మెట్టు స్థాయికి నట్టనడుమ ఉంది. కూడికలో నడుమ అంటే 360. గుణకారంలో నడుమ 339.41. ఈ రెండు నడుములకూ ఉన్న తేడా గ్రహిస్తే విషయం సగానికి పైగా పట్టుబడినట్టే.

## 6. శ్రుతి మార్చి చూడండి

లెక్క అసలు పనికొచ్చేది ఇక్కడే. నాటకం సగంలో ఉంటుంది. తెర పక్క నుంచి పాత్రధారి వచ్చి "మాస్టారూ, గొంతు పట్టేసిందండీ, కాస్త దించండి" అంటాడు. మీరు వేళ్లు ఒకటి రెండు మెట్లు పక్కకు జరిపి అదే రాగం అందుకుంటారు. కొత్త స నుంచి కూడా అన్ని స్వరాలూ అలాగే పలుకుతాయి. సమ నిష్పత్తి లేకపోతే ఇది కుదరదు.

ఎందుకు కుదరదో ఒక ఉదాహరణ. పెట్టెను సమ నిష్పత్తిలో కాకుండా, ఒకటి శ్రుతిని స చేసుకుని శుద్ధమైన భిన్నాలతో శ్రుతి చేశారనుకోండి. స 240. చతుశ్శ్రుతి రిషభం 9/8 వంతున 270. చతుశ్శ్రుతి ధైవతం 5/3 వంతున 400. ఒకటి శ్రుతిలో వాయిస్తే చెవికి తేనె.

ఇప్పుడు పాటగాడు రెండు శ్రుతి అడిగాడు. 270 మెట్టే కొత్త స. దాని పంచమం 270 × 1.5 = 405 కావాలి. కానీ ఆ చోట ఉన్న మెట్టు 400 పలుకుతుంది. స, ప కలిపి నొక్కితే స తాలూకు మూడో అనుస్వరం 810, ప తాలూకు రెండో అనుస్వరం 800 ఒకదానికొకటి రాసుకుని, ధ్వని సెకనుకు పది సార్లు ఊగుతుంది. భౌతికశాస్త్రంలో వీటిని విస్పందనాలంటారు. వినేవాడు పెట్టె చెడిపోయిందంటాడు.

సమ నిష్పత్తి పెట్టెలో అవే రెండు మెట్లు 269.39, 403.63. మూడో అనుస్వరం 808.2, రెండోది 807.3. సెకనుకు ఒక్క ఊపు కూడా సరిగ్గా పూర్తికాదు. ఒకటి శ్రుతిలో ఎంత తప్పుందో రెండులోనూ దామాషాలో అంతే, ఆరున్నరలోనూ అంతే. ప్రతి మెట్టుకూ స అయ్యే హక్కు సమానంగా పంచడానికి, ప్రతి పంచమం నుంచీ రవ్వంత తగ్గించారు.

దీనికి మూల్యం గాంధారం చెల్లిస్తోంది. శుద్ధమైన అంతర గాంధారం 300, పెట్టెలో 302.38. తంబూరా పక్కన హార్మోనియం అంతర గాంధారాన్ని పొడుగ్గా నిలిపితే కరకరలాడేది ఇందుకే. గమకంతో పాడే గొంతు దీన్ని దాటిపోతుంది, పెట్టె దాటలేదు. కాబట్టి ఆ స్వరం మీద పొడుగ్గా ఆగకపోవడమే మంచి హార్మోనిస్టు పద్ధతి.

శ్రుతి మార్చేటప్పుడు లెక్క. ఎన్ని మెట్లు జరిగారో లెక్కపెట్టి, ప్రతి స్వరాన్నీ 2^(మెట్లు/12)తో గుణించండి. ఒకటిన్నర నుంచి రెండున్నరకు రెండు మెట్లు, గుణకం 1.1225. స 277.18 నుంచి 311.13 అవుతుంది. ప 415.30 నుంచి 466.16 అవుతుంది. స పెరిగింది 34, ప పెరిగింది 51. స కు కలిపిన 34నే ప కూ కలిపేస్తే 449 వస్తుంది, అసలు స్వరానికి సగం మెట్టుకు పైగా తక్కువ.

ఒక వల. మన శ్రుతి పేర్లు తెల్ల మెట్లను లెక్కపెడతాయి, నల్ల మెట్లకు "న్నర" చేరుస్తాయి. కానీ మూడుకూ నాలుగుకూ మధ్య నల్ల మెట్టు లేదు, ఏడుకూ పై ఒకటికీ మధ్య కూడా లేదు. మూడున్నర, ఏడున్నర అనే శ్రుతులే లేవు. రెండున్నర నుంచి నాలుగున్నరకు పేరులో తేడా రెండు కాబట్టి నాలుగు మెట్లని లెక్కేస్తే పప్పులో కాలేసినట్టే. రెండున్నర, మూడు, నాలుగు, నాలుగున్నర: మూడే మెట్లు. పేర్లను తీసివేయకండి, పెట్టె మీద వేలితో లెక్కపెట్టండి.

## 7. వెనక్కి లెక్క: అంకె నుంచి మెట్టు

ఇప్పటి దాకా మెట్టు తెలిస్తే పౌనఃపున్యం కట్టాం. ఫోను చూపేది పౌనఃపున్యం, మనకు కావలసింది మెట్టు. అంటే "240ని r తో ఎన్ని సార్లు గుణిస్తే ఇది వచ్చింది?" అని అడగాలి. ఈ ప్రశ్నకు జవాబిచ్చేదే సంవర్గమానం.

రెండు ఆధారంగా తీసుకుంటే లెక్క ఇంకా శుభ్రంగా ఉంటుంది. 130.8 నుంచి 261.6కి ఒక రెట్టింపు, సంవర్గమానం 1. 523.3కి రెండు రెట్టింపులు, సంవర్గమానం 2. పౌనఃపున్యాలు ఎగబాకుతుంటే సంవర్గమానాలు ఒకటి, రెండు, మూడు అని సమంగా అడుగులు వేస్తాయి. హార్మోనియం మీద స్థాయిలన్నీ ఒకే వెడల్పులో ఉంటాయి కదా, ఆ పలక మీద పరిచినది సంవర్గమానమే. ఒక జానెడు జరిగితే రెట్టింపు, ఇంకో జానెడు జరిగితే దానికి రెట్టింపు.

స్థాయికి పన్నెండు మెట్లు కాబట్టి సంవర్గమానాన్ని పన్నెండుతో గుణిస్తే మెట్ల లెక్క వస్తుంది. షీటులో అయితే B2 గడిలో కొలిచిన పౌనఃపున్యం వేసి, 240 చోట మీ స పెట్టి ఇలా:

```
=12*LOG(B2/240,2)
```

ఫోను కాలిక్యులేటర్‌లో ఉండే log మీటకు ఆధారం పది. దానితో చేయాలంటే నిష్పత్తికి log తీసి 39.863తో గుణించండి. పన్నెండును log 2 తో భాగిస్తే వచ్చే అంకె అది.

సరిచూసుకోవడానికి: 360ని 240తో భాగిస్తే 1.5. log 1.5 = 0.17609. దాన్ని 39.863తో గుణిస్తే 7.02. శుద్ధ పంచమం ఏడో మెట్టుకు రెండు వందో వంతులు పైన ఉందన్నమాట.

ఈ వందో వంతునే సెంటు అంటారు. మన డెల్టాలో ఎకరాకు వంద సెంట్లయితే, హార్మోనియం మీద మెట్టుకు వంద సెంట్లు. స్థాయికి 1200. పొలంలో సెంట్లు కూడినట్టే వీటినీ కూడవచ్చు, తీసివేయవచ్చు. గుణకారాలను కూడికలుగా మార్చడమే కదా సంవర్గమానం పని.

## 8. ఒక రీడును పట్టుకుందాం

ఇప్పుడు పూర్తిగా ఒక కేసు. ఒకటి శ్రుతిలో వాయిస్తుంటే పంచమం దగ్గర పెట్టె ఊగుతోంది. కొలిచి చూశాం: స 261.6, ప 388.5.

మొదట, ఎంత రావాలి? 261.6 × 1.4983 = 391.96. మూడున్నర హెర్ట్జ్ తక్కువ ఉంది. కానీ హెర్ట్జ్‌లలో చెప్పి వదిలేస్తే ఎంత పెద్ద తప్పో తెలియదు.

రెండోది, ఎన్ని మెట్లు? 388.5 ÷ 261.6 = 1.4851. దాని log 0.17175. 39.863తో గుణిస్తే 6.85. ఏడు ఉండాల్సిన చోట 6.85, అంటే పదిహేను సెంట్లు తక్కువ.

మూడోది, చెవి సాక్ష్యం. స, ప కలిపి నొక్కి నిలపండి. స మూడో అనుస్వరం 784.8, ప రెండో అనుస్వరం 777. సెకనుకు ఎనిమిదికి కాస్త తక్కువగా ఊగుతుంది. రీడు సరిగా ఉంటే 784.8, 783.9 మధ్య తేడా సెకనుకు ఒకటి లోపే. ఫోను లేని చోట ఈ ఊపులే మీ కొలత. నెమ్మదిగా ఊగితే సరే, వణికినట్టు ఊగితే తప్పు.

నాలుగోది, తప్పు ఎవరిది? ఈ పరీక్ష మానేసేవాళ్లే ఎక్కువ. పంచమం తక్కువైందా, షడ్జమం ఎక్కువైందా అన్నది రెండు స్వరాలతో తేలదు. మిగిలిన మెట్లు కూడా అదే స నుంచి కొలిచి, సెంట్లలో వరుసగా రాయండి. మిగిలినవి సున్నాకు అటూ ఇటూ ఉండి ప ఒక్కటే −15 అయితే ప రీడే దోషి. అన్నీ −15 చుట్టూ ఉంటే షడ్జమం రీడు పదిహేను సెంట్లు పైకెక్కింది, మిగతావి అమాయకాలు.

అయిదోది, మందు. ముందు పలక తీసి ఆ రీడును మెత్తని కుంచెతో తుడవండి. రీడు కొస మీద దుమ్ము చేరితే బరువు పెరిగి శ్రుతి దిగుతుంది. తుడవగానే చాలాసార్లు లేస్తుంది. తుడిచాక మళ్లీ కొలవండి. అప్పటికీ తక్కువే ఉంటే రీడు కొస దగ్గర అతి స్వల్పంగా గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. గీకిన ఇత్తడి తిరిగి రాదు, కాబట్టి ఆ పని పెట్టెలు బాగుచేసే మేస్త్రీకి వదిలేయండి. "ప మధ్య స్థాయిలో పదిహేను సెంట్లు తక్కువ" అని చీటీ రాసిస్తే ఆయన పని తేలికవుతుంది.

ఎన్ని సెంట్లయితే పట్టించుకోవాలి? అయిదు లోపు వదిలేయండి. అయిదు నుంచి పది మధ్య ఉంటే స, ప ల విషయంలో మాత్రమే ఆలోచించండి. పది దాటితే మరమ్మతుకు ఇవ్వడం నా అలవాటు.

## 9. తరచు జరిగే పొరపాట్లు, సవరణలు

2^1/12 అని కొట్టడం. కాలిక్యులేటర్ ముందు 2¹ వేసి, తరువాత 12తో భాగించి 0.1667 ఇస్తుంది. కుండలీకరణాలు తప్పనిసరి: 2^(1/12). జవాబు ఒకటి కంటే తక్కువ వస్తే ఇదే కారణం.

ఒకటో మెట్టు నుంచి లెక్కపెట్టడం. స ను ఒకటి అనుకుంటే ప ఎనిమిది అవుతుంది, లెక్కంతా ఒక మెట్టు జరుగుతుంది. స సున్నా. మనం లెక్కపెడుతున్నది మెట్లను కాదు, మెట్ల మధ్య దూకుళ్లను.

యాప్ స్థాయి తప్పు చూపడం. కింది స్థాయి రీడ్లలో అనుస్వరం బలంగా ఉంటే యాప్ 130.8 బదులు 261.6 చూపుతుంది. వచ్చిన మెట్ల సంఖ్య సరిగ్గా పన్నెండు ఎక్కువగా ఉంటే పెట్టెను అనుమానించకండి.

"ఒక్క హెర్ట్జే కదా" అనుకోవడం. కింది స దగ్గర, 130.8లో, ఒక హెర్ట్జ్ అంటే 13 సెంట్లు. పై స దగ్గర, 523.3లో, 3 సెంట్లే. ఒకే హెర్ట్జ్ కింద పెద్ద తప్పు, పైన తప్పే కాదు. తప్పును ఎప్పుడూ సెంట్లలోనే రాసుకోండి.

యాప్‌లో ఆధార శ్రుతి మారిపోవడం. యాప్‌లు సాధారణంగా ఆరు శ్రుతిని 440గా తీసుకుని సెంట్లు చూపుతాయి. ఎవరో దాన్ని 432కి మార్చి ఉంటే ప్రతి మెట్టూ దాదాపు 32 సెంట్లు ఎక్కువ చూపుతుంది. అన్నీ ఒకే మొత్తంలో తప్పితే అది రీడ్ల తప్పు కాదు. హెర్ట్జ్ అంకె తీసుకుని మీ స నుంచి మీరే లెక్కగడితే ఈ చిక్కే ఉండదు.

వేణువును పెట్టెతో ఒకసారే సరిచూడడం. వేణువులో గాలి వేడెక్కితే శ్రుతి పెరుగుతుంది, డిగ్రీ సెల్సియస్‌కు ఇంచుమించు మూడు సెంట్ల చొప్పున. ఇత్తడి రీడుకు ఈ మార్పు చాలా స్వల్పం, అదీ ఎదురు దిక్కున. ధనుర్మాసపు తెల్లవారుజామున కలిసిన వేణువు, రోహిణి కార్తె ఎండలో పందిరి కింద పదిహేను డిగ్రీల తేడాకు 45 సెంట్లు, అంటే దాదాపు అర మెట్టు, పైకెక్కవచ్చు. అప్పుడు రీడ్లు గీకించకండి. ఊపిరితో వేణువు కాసేపు వెచ్చబడనిచ్చి, ఆ వేళకు ఆ శ్రుతిలో కలిసే వేణువును ఎంచుకోమనండి.

మొదటిసారి కొలిచేటప్పుడు పక్కన ఈ చీటీ పెట్టుకోండి:

- ఒక వరుస రీడ్లు మాత్రమే తెరిచానా? కప్లర్ తీశానా?
- పై స ÷ స = 2 వచ్చిందా? తేడా ఉంటే ముందు ఆ రెండు రీడ్లు తేల్చాలి.
- పన్నెండు మెట్లకూ అంకెలు రాశానా?
- ప్రతి అంకెనూ స తో భాగించి, log తీసి, 39.863తో గుణించానా?
- దగ్గరి పూర్ణాంకానికి ఎన్ని సెంట్లు తేడా?
- తేడా ఒక్కదానిలోనా, అన్నిటిలోనా?
- స, ప కలిపి నిలిపి ఊపులు విన్నానా?